ముద్ర కింద చిక్కుకున్న సర్వే నంబరును ఓసీఆర్‌తో చదివించడం

ప్రశ్న: మాది నల్గొండ. రైతుల పహాణీ నకళ్లను స్కాన్ చేసి ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాను. అన్నీ కంప్యూటర్ ప్రింట్లే, చేతిరాత కాదు. కానీ ఊదా రంగు గుండ్రటి ముద్ర సరిగ్గా సర్వే నంబర్ల గడుల మీదే పడింది. గ్రే మోడ్‌లో 300 డీపీఐతో స్కాన్ చేశాను. టెసరాక్ట్ ముద్ర ఉన్న చోట అర్థంలేని అక్షరాలు ఇస్తోంది. ముద్రను ఫొటో ఎడిటర్‌లో చెరిపితే కింది అంకెలూ పోతున్నాయి. వాటర్‌మార్క్ ఉన్న కాగితాలు కూడా కొన్ని ఉన్నాయి. ఏం చేయాలి?

సమాధానం:

మీ తప్పు ముద్రను చెరపడంలో లేదు, అంతకుముందే స్కానర్‌లో గ్రే మోడ్ ఎంచుకోవడంలో ఉంది. నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లుగా ఇలాంటి కాగితాలే స్కాన్ చేయిస్తున్నాను. మొదటి ఏడాది నేనూ గ్రేలోనే చేయించాను. ఫైలు చిన్నగా ఉంటుంది, అక్షరాలు ఎలాగూ నలుపే కదా అనుకున్నాను. ముద్రకూ అక్షరానికీ ఉన్న ఒకే ఒక్క తేడా రంగు. దాన్ని మనమే తీసి పారేసి, తర్వాత రెంటినీ విడదీయమని కంప్యూటర్‌ను అడిగితే అది మాత్రం ఎలా విడదీస్తుంది?

అంకెల్లో చూస్తే విషయం తేలిపోతుంది. నా దగ్గరున్న ఒక పహాణీ పేజీని రంగులో స్కాన్ చేసి నాలుగు చోట్ల పిక్సెల్ విలువలు చూశాను. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి. 0 అంటే చీకటి, 255 అంటే పూర్తి వెలుగు. ఖాళీ కాగితం దగ్గర 240, 236, 225 వచ్చింది. ముద్ర సిరా మాత్రమే ఉన్న చోట 130, 95, 175. ముద్ర తగలని నల్ల అక్షరం మీద 45, 42, 48. అక్షరం మీద ముద్ర పడిన చోట 40, 32, 55.

గ్రేకి మార్చేటప్పుడు సాధారణంగా వాడే లెక్కలో ఆకుపచ్చకు దాదాపు 59 శాతం, ఎరుపుకు 30 శాతం, నీలానికి 11 శాతం బరువు ఇస్తారు. మన కన్ను వెలుగును అందుకునే తీరు అలాంటిదని. ఊదా సిరా చీకటిగా ఉండేది సరిగ్గా ఆ ఆకుపచ్చలోనే. కాబట్టి గ్రేలో ముద్ర విలువ 115కు పడిపోయింది. కాగితం 236, అక్షరం 44. వీటి నడుమ ఎక్కడో 140 దగ్గర గీత గీసి పైనున్నది తెలుపు, కిందున్నది నలుపు అంటే ముద్ర మొత్తం అక్షరాల పక్షాన చేరిపోతుంది. టెసరాక్ట్‌కు కనిపించినది అదే, అందుకే మీకు అలాంటి అక్షరాలు వచ్చాయి.

ఇప్పుడు అవే నాలుగు చోట్ల మూడు అంకెల్లో పెద్దదాన్ని మాత్రమే తీసుకోండి. కాగితం 240, ముద్ర 175, అక్షరం 48, ముద్ర కింది అక్షరం 55. ముద్ర కాగితం వైపు జరిగింది, దాని కింది అక్షరం మాత్రం నల్లగానే నిలబడింది. ఎర్రటి పారదర్శక కాగితం కంటికి అడ్డం పెట్టుకుంటే ఎర్ర సిరాతో గీసిన గీత కాగితంలో కలిసిపోతుంది కదా, ఇదీ అంతే. రంగు సిరా ఏదో ఒక రంగు వెలుగును తిప్పి పంపుతుంది. లేజర్ ప్రింటర్ నలుపు మూడింటినీ మింగేస్తుంది. మూడింట్లో పెద్దది తీసుకోవడమంటే ఏ రంగు ముద్రకు ఆ రంగు అద్దం పెట్టుకోవడమే. ఎర్ర ముద్ర అయినా ఆకుపచ్చ సంతకం అయినా కోడ్ మార్చనక్కరలేదు.

కాబట్టి మొదటి పని: ఆ పేజీలను రంగులో, 300 డీపీఐలో, పీఎన్‌జీ లేదా టిఫ్‌గా మళ్లీ స్కాన్ చేయండి. తర్వాత పైథాన్‌లో ఓపెన్‌సీవీతో ఇంతే:

```python
import cv2
import numpy as np

img = cv2.imread("pahani.png")
mx = img.max(axis=2)
bg = cv2.medianBlur(mx, 51)
flat = cv2.divide(mx, bg, scale=255)
_, bw = cv2.threshold(flat, 165, 255, cv2.THRESH_BINARY)
cv2.imwrite("clean.png", bw)
```

నడుమ ఉన్న రెండు వరుసలు కాగితం మాసిన చోటునూ, మడత నీడనూ సరిచేస్తాయి. చుట్టూ 51 పిక్సెళ్ల మేర కాగితం ఎంత తెల్లగా ఉందో చూసి, దానితో భాగిస్తాయి. ఆ భాగహారం తర్వాత పై పేజీలో ముద్ర విలువ 186 దగ్గరకు, ముద్ర కింది అక్షరం 58 దగ్గరకు వచ్చాయి. చదివించడానికి:

```
tesseract clean.png out -l tel+eng --psm 6 tsv
```

చివర `tsv` పెట్టింది ఊరికే కాదు. ప్రతి పదం పేజీలో ఎక్కడుందో, దాని మీద ప్రోగ్రాముకు ఎంత నమ్మకముందో ఆ ఫైలులో వస్తుంది. అది ముందుముందు అవసరం.

కోడ్‌లో 165 ఎందుకు పెట్టానో చెప్పాలి, ఎందుకంటే మీ కాగితాలకు ఆ అంకె మారవచ్చు. మొదట నేను 140 పెట్టాను. ఆ పేజీలో పద్నాలుగు వరుసలు ఉన్నాయి, ముద్ర ఆరో వరుస నుంచి తొమ్మిదో వరుస దాకా పరుచుకుంది. 140తో నాలుగు వరుసలూ చదివింది, చూడటానికి అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కానీ ఆరో వరుసలో 318/అ ఉంది, ఏడో వరుసలోనూ 318/అ వచ్చింది. ఒకే సబ్‌డివిజన్ ఇద్దరు వేర్వేరు పట్టాదారుల పేర కనిపించేసరికి అనుమానం వచ్చి అసలు స్కాన్ తెరిచాను. ఏడో వరుసలో ఉన్నది 318/ఆ. టోనర్ అయిపోవస్తున్న ప్రింటరులా ఉంది, ఆ దీర్ఘపు తోక సన్నగా, పాలిపోయి ఉంది. దాని విలువ 150 చుట్టూ తిరుగుతోంది. 140 దగ్గర గీత గీసేసరికి అది కాగితంలో కలిసిపోయింది. 165కు జరిపితే తోక తిరిగి వచ్చింది, 186 దగ్గరున్న ముద్ర బయటే ఉండిపోయింది. అంటే ఈ పేజీలో నాకున్న సందు 150కీ 186కీ నడుమ మాత్రమే. మీరూ కొత్త కట్ట విప్పినప్పుడల్లా అత్యంత పాలిపోయిన అక్షరం విలువ ఒకటి, అత్యంత చిక్కగా పడిన ముద్ర విలువ ఒకటి చూసుకోండి. రెంటి నడుమ అంకె పెట్టండి. ముద్ర విలువ అక్షరం విలువ కంటే కిందికి దిగిపోతే అక్కడ ఏ అంకె పెట్టినా ఉపయోగం లేదు. స్టాంప్ ప్యాడ్‌లో అప్పుడే సిరా పోసి, గట్టిగా ఒత్తిన ముద్రల్లో ఇలా అవుతుంది. ఆ వరుసలను చేత్తో ఎక్కించడమే మార్గం.

తెలుగులో ఈ ఇబ్బంది ఇంగ్లీషులో కంటే ఎక్కువ. మన లిపిలో పెద్ద తేడాలన్నీ చిన్న గీతల మీద ఆధారపడి ఉన్నాయి. ద కింద ఒక చిన్న గీత ఉంటే ధ అవుతుంది. డ, ఢ కూడా అంతే. ప కింద గీత తగిలితే ఫ. ముద్ర అంచు నుంచి మిగిలిన చుక్క ఒకటి సరిగ్గా ఆ చోట పడితే దామరచర్ల కాస్తా ధామరచర్ల అయిపోతుంది. పోనీ చుక్కలన్నీ తుడిచేద్దామని మచ్చలు తీసే ఫిల్టర్ వేస్తే, ఈసారి ధర్మారెడ్డి దర్మారెడ్డి అవుతాడు. అందుకే నేను మచ్చలు తీసే ఫిల్టర్ వాడను. చుక్క మిగిలితే కంటికి కనిపిస్తుంది, పోయిన గీత కనిపించదు. ఊరి పేర్ల తప్పులు పెద్ద బాధ కాదు, ఎందుకంటే మండలాల, గ్రామాల జాబితా పక్కన పెట్టుకుని సరిపోల్చవచ్చు. సర్వే నంబరుకు అలాంటి నిఘంటువు లేదు. 318 బదులు 313 వచ్చినా అదీ ఒక సర్వే నంబరే, ఎవరిదో పొలమే.

విస్తీర్ణం గడికి మాత్రం ఒక మంచి ఆసరా ఉంది. ఎకరాకు 40 గుంటలు కాబట్టి గుంటల అంకె 39 దాటకూడదు. అదే పేజీలో తొమ్మిదో వరుసకు 0-47 వచ్చింది. అసలు కాగితంలో 0-17. ముద్ర అంచు వంపు 1కి ఎడమ పక్క ఏటవాలుగా తగిలి దాన్ని 4 చేసింది. ఎక్సెల్‌లో గుంటల కాలమ్‌కు 39 దాటితే ఎర్రగా మారేలా పెట్టుకోండి. ఇలాంటివి వాటంతటవే బయటపడతాయి. 0-17 బదులు 0-37 వచ్చి ఉంటే ఈ వల తప్పించుకునేది. పేజీ కింద మొత్తం విస్తీర్ణం ఉంటే గుంటల్లోకి మార్చి వరుసలన్నీ కూడి చూడండి, అదీ దొరుకుతుంది. మొత్తం లేని పేజీలో మాత్రం కంటితో చూడాల్సిందే.

ఇప్పుడు నేను నిజంగా దెబ్బతిన్న సంగతి. ఈ పద్ధతి కుదిరిందని సంబరపడి ఒక పాత కట్ట మొత్తం దీనితోనే నడిపించాను. ఓసీఆర్ హాయిగా చదివింది, నమ్మకం అంకెలు కూడా బాగున్నాయి. రెండు నెలల తర్వాత ఒక రైతు వచ్చి తన నంబరు తప్పుగా ఎక్కిందన్నాడు. కాగితం తీసి చూస్తే ప్రింటులో 218 ఉంది. దాన్ని ఎవరో నీలి బాల్‌పెన్నుతో కొట్టివేసి, పైన 281 అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. మన పద్ధతి ఏం చేసిందో ఊహించండి. నీలి పెన్ను కూడా రంగు సిరాయే కదా. కొట్టివేత పోయింది, దిద్దుబాటు పోయింది, సంతకం పోయింది. రద్దయిన 218 మాత్రం కడిగిన ముత్యంలా మిగిలింది. టెసరాక్ట్ దాన్ని ఏ తడబాటూ లేకుండా చదివింది. ఇలాంటి తప్పును నమ్మకం అంకె పట్టుకోలేదు, ఎందుకంటే ప్రోగ్రాము చదివింది తప్పు కాదు, మనం దానికి చూపించింది తప్పు.

అప్పటినుంచి రంగును పారేయకుండా దాచుకుంటున్నాను. చదవడానికి రంగు తీసిన బొమ్మ, అనుమానించడానికి రంగు ఉన్న బొమ్మ. పిక్సెల్ మూడు అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ నడుమ తేడా తీసుకుంటే రంగు ఎక్కడుందో తెలుస్తుంది. పై కొలతల్లో కాగితానికి ఆ తేడా 15, నల్ల అక్షరానికి 6, ముద్రకు 80. నలభై దగ్గర గీత గీస్తే చాలు.

```python
spread = img.max(axis=2) - img.min(axis=2)
mask = (spread > 40).astype("uint8") * 255
mask = cv2.dilate(mask, np.ones((9, 9), np.uint8))
cv2.imwrite("mask.png", mask)
```

ముద్ర కింది అక్షరానికి తేడా 23 మాత్రమే వచ్చింది కాబట్టి అది ఈ గీతకు అందదు. అందుకే చివర్లో రంగు మచ్చను నాలుగు వైపులా నాలుగు పిక్సెళ్లు లావు చేస్తున్నాను, అక్షరం గీతలు సన్నవే కాబట్టి చుట్టూ ఉన్న రంగు వాటిని కప్పేస్తుంది. ఇప్పుడు `tsv` ఫైలులోని ప్రతి పదం పెట్టెను ఈ మచ్చల మీద పెట్టి చూడండి. `left`, `top`, `width`, `height` అనే నాలుగు అంకెలు పెట్టె చోటు చెబుతాయి. ఆ పెట్టె లోపల ఒక్క రంగు పిక్సెల్ ఉన్నా ఆ పదాన్ని నేరుగా ఎక్సెల్‌లోకి పోనివ్వకండి. దాని రంగు ముక్కను కత్తిరించి, ఓసీఆర్ చదివిన పాఠం పక్కన పెట్టి, ఒక మనిషికి చూపించండి. దిద్దుబాటు ప్రింటు అంకెకు పైన రాసి ఉంటే పెట్టెకు అందకపోవచ్చు కాబట్టి, చూసే ముందు పెట్టెను పైకీ కిందికీ ఒక వరుస ఎత్తు మేర పెంచండి. ముద్ర పడిన వరుసలు మాత్రమే చూడాలి కాబట్టి ఇది పెద్ద పని కాదు. మా దగ్గర ఒకమ్మాయి స్క్రీన్ మీద ముక్కలు వరుసగా పెట్టుకుని, సరైతే ఎంటర్ కొడుతూ పోతుంది. పేజీ మొత్తం టైపు చేయడంతో పోలిస్తే ఇది ఎంతో తేలిక.

ఇదంతా రంగు సరిగ్గా వచ్చిన స్కాన్‌కే వర్తిస్తుంది. ఫోనులో తీసి వాట్సాప్‌లో పంపిన బొమ్మలకు ఇది సరిగ్గా పనిచేయదు. జేపెగ్ సాధారణంగా వెలుగును పూర్తి వివరంతో, రంగును అడ్డంగానూ నిలువుగానూ సగం వివరంతో దాస్తుంది. మామూలు ఫొటోలో ఆ తేడా కంటికి తెలియదు. కానీ మూడు నాలుగు పిక్సెళ్ల లావున్న అక్షరం గీత దగ్గర ముద్ర రంగు అక్షరంలోకి ఒలికిపోతుంది, పెద్దది తీసుకున్నప్పుడు గీత పాలిపోయి తెగుతుంది. బొమ్మను 400 శాతం పెద్దది చేసి చూడండి. నల్ల అక్షరం చుట్టూ ఊదా పొగలాంటిది కమ్ముకుని ఉంటే అసలు కాగితం తెప్పించుకోండి. జిరాక్స్ నకలు మీదైతే చెప్పేదేముంది, అక్కడ రంగే లేదు.

ప్రింటు ఏ రకమన్నదీ చూడాలి. లేజర్ టోనర్ కాగితం మీద కరిగి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి కాబట్టి ముద్ర సిరా దాన్ని చెరపలేదు. ఇంక్‌జెట్ రంగు తడికి కరిగే రకమైతే ముద్ర సిరాతో కలిసి అక్షరం అంచులు పాకుతాయి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింట్లలో రిబ్బన్ అరిగి, అక్షరమే బూడిద రంగులో ఉంటుంది. అక్కడ నేను చెప్పిన సందు బాగా ఇరుకవుతుంది. కార్బన్ పేపర్ నకళ్లు అయితే అక్షరమే నీలం, ఈ పద్ధతి పేజీని తెల్లకాగితం చేసి మీ చేతిలో పెడుతుంది.

వాటర్‌మార్కులు దీనికంటే తేలిక. వెనుక పాలిపోయిన బొమ్మలాగా అచ్చు వేసినవి సాధారణంగా 200కు పైనే ఉంటాయి కాబట్టి పై కోడ్‌లోని 165 గీత వాటిని అలాగే దాటించేస్తుంది. కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుంటే కనిపించే అసలు వాటర్‌మార్కు స్కాన్‌లో పెద్దగా రాదు. కాగితం పలచగా ఉండి వెనుక పక్క అచ్చు కనిపిస్తుంటే, స్కానర్ మూత కింద వెనుక ఒక నల్ల చార్టు ముక్క పెట్టండి. మూత తెలుపు వల్లే వెనుక అక్షరాలు ముందుకు తెలుస్తాయి. నలుపు పెడితే అవి దాదాపు మాయమవుతాయి, కాగితం మొత్తం కొంచెం మబ్బుగా వస్తుంది, దాన్ని భాగహారం సరిచేస్తుంది. మీకు వచ్చినది స్కాన్ కాకుండా నేరుగా కంప్యూటర్ నుంచి వచ్చిన పీడీఎఫ్ అయితే దాన్ని ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేయకండి. ముందు `pdfimages -list file.pdf` అని చూడండి, వాటర్‌మార్క్ విడి బొమ్మగా ఉంటే అక్కడ కనిపిస్తుంది.

గడుల గీతలను తీయాలా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. అడ్డగీతలను కోడ్‌తో తీయడం సులువే, 80 పిక్సెళ్లకు మించి అడ్డంగా సాగే నలుపునంతా తీసేయవచ్చు. చిక్కు ఏమిటంటే, ఒత్తులు అక్షరం కిందికి వేలాడతాయి, ఇరుకు గడుల్లో అవి కింది గీతను ముట్టుకుంటాయి. గీతతోపాటు ఒత్తు నడుము తెగిపోతుంది. లక్ష్మమ్మలో రెండు ఒత్తులు, రెండూ గీత మీదే కూర్చుంటాయి. నేను నిలువు గీతల మధ్య గడులుగా పేజీని కోసి, గడి లోపలి భాగాన్ని మాత్రమే `--psm 7`తో చదివిస్తాను. అడ్డగీతను ఒత్తు తగలని గడుల్లోనే తీస్తాను, తగిలిన చోట వదిలేస్తాను. గీత మిగిలినా ఓసీఆర్ చాలావరకు తట్టుకుంటుంది, తెగిన ఒత్తును తట్టుకోదు.

మీరు ఎడిటర్‌లో చేసిన పని గురించి ఒక మాట. ముద్రను చెరిపి ఆ చోటును చుట్టుపక్కల పిక్సెళ్లతో నింపే సాధనాలు చాలా ఉన్నాయి. వాటిని ఈ పనికి వాడకండి. అవి కింద ఏముందో బయటికి తీయవు, ఏముంటే బాగుంటుందో గీస్తాయి. 8లో సగం పోతే 3గా నింపి నున్నగా చూపిస్తాయి. పైగా ముద్ర లేని నకలు ఇక ధృవీకరించిన నకలు కాదు. శుభ్రం చేసిన `clean.png` ఫైళ్లు నా దగ్గర విడి ఫోల్డర్‌లో ఉంటాయి, పని ముగిశాక తుడిచేస్తాను. రైతు అడిగితే ఇచ్చేది, భద్రపరిచేది ఎప్పుడూ ముద్రతో సహా రంగు స్కానే.

నల్ల సిరాతో వేసిన ముద్రలు కూడా మీ కట్టలో తగులుతాయి. వాటికి రంగు తేడా ఉండదు, నలుపు చిక్కదనం తేడా మాత్రమే ఉంటుంది. ముద్ర పలచగా పడితే గీతను 165 నుంచి 90 దాకా దించి ఒకసారి చూడండి, అక్షరాలు ఒంటరిగా మిగలవచ్చు. చిక్కగా పడితే నేను అయిదు నిమిషాల కంటే ఎక్కువ పెట్టను. ఆ వరుసలను కాగితం మీదే భూతద్దంతో చదివి, టైపు చేసి, పక్క కాలమ్‌లో ‘చేత్తో ఎక్కించినది’ అని రాసి ముందుకు పోతాను.